ఈశాన్యమా, నైరుతా? కోణానికి సరైన పాదం

సమతలం మీద ఒక బిందువు ఎక్కడుందో చెప్పడానికి రెండు సంఖ్యలు కావాలి. ఆ రెండింటినీ ఎంచుకునే పద్ధతులు మాత్రం వేరువేరుగా ఉంటాయి. తూర్పుకు ఇంత, అక్కడి నుంచి ఉత్తరానికి ఇంత అని రెండు లంబ దూరాలు చెప్పడం ఒక పద్ధతి. వీటిని లంబ నిరూపకాలు అంటారు. ఫ్రెంచి గణితవేత్త దెకార్త్ పేరు మీదుగా కార్టీజియన్ నిరూపకాలనీ పిలుస్తారు. ఫలానా దిక్కుకు తిరిగి తిన్నగా ఇంత దూరం అని చెప్పడం రెండో పద్ధతి. ఇందులో ఒక దూరం, ఒక కోణం ఉంటాయి. ఇవి ధ్రువ నిరూపకాలు. మొదటి జతను (x, y) అనీ, రెండో జతను (r, θ) అనీ రాస్తారు.

ఈ రెండు పద్ధతులూ ఒకేచోట కలిసే స్థలాల్లో మచిలీపట్నం ఒకటి. అక్కడ భారత వాతావరణ శాఖకు డాప్లర్ రాడార్ ఉంది. రాడార్‌కు సహజంగా తెలిసేవి ధ్రువ నిరూపకాలే. అది పంపిన రేడియో తరంగం మేఘంలోని నీటి బిందువులకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. వెళ్లిరావడానికి 2 మిల్లీసెకన్లు పడితే ఆ మేఘం 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ క్షణంలో యాంటెన్నా ఎటు తిరిగి ఉందో, అదే కోణం. కానీ ఆ మేఘాన్ని పటం మీద పెట్టాలన్నా, ఊళ్ల స్థానాలతో పోల్చాలన్నా తూర్పు పడమరల లెక్క, ఉత్తర దక్షిణాల లెక్క కావాలి. అందువల్ల ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారడం తప్పనిసరి.

మచిలీపట్నాన్నే మూలబిందువుగా తీసుకుందాం. తూర్పు వైపు ధన x, ఉత్తరం వైపు ధన y. అంటే పడమర దూరాలకూ దక్షిణ దూరాలకూ రుణ గుర్తు వస్తుంది. కోణాన్ని గణిత పుస్తకాల పద్ధతిలో తూర్పు నుంచి మొదలుపెట్టి అపసవ్యదిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో కొలవాలి. తూర్పు 0°, ఉత్తరం 90°, పడమర 180°, దక్షిణం 270°. రెండు అక్షాలూ తలాన్ని నాలుగు పాదాలుగా విడదీస్తాయి. ఈ నాలుగు పాదాలకూ తెలుగులో ఎప్పటి నుంచో పేర్లున్నాయి: మొదటి పాదం ఈశాన్యం, రెండోది వాయవ్యం, మూడోది నైరుతి, నాలుగోది ఆగ్నేయం. ఇల్లు కట్టేటప్పుడు ఏ మూల ఏమిటో చూసుకునే వారికి ఈ వరుస కొత్తది కాదు.

ధ్రువ నిరూపకాల నుంచి లంబ నిరూపకాలకు రావడం తేలిక. r అనేది ఒక లంబకోణ త్రిభుజానికి కర్ణం. కోణం పక్కనున్న భుజం x, ఎదుటి భుజం y. కాబట్టి

x = r cos θ
y = r sin θ

విశాఖపట్నాన్ని తీసుకుంటే, మచిలీపట్నం నుంచి సుమారు 275 కిలోమీటర్ల దూరంలో, తూర్పు నుంచి 36.9° కోణంలో ఉంటుంది. cos 36.9° దాదాపు 0.8, sin 36.9° దాదాపు 0.6. 275ను 0.8తో గుణిస్తే 220, 0.6తో గుణిస్తే 165. విశాఖ తూర్పుకు 220, ఉత్తరానికి 165 కిలోమీటర్లలో ఉందన్నమాట. ఈ దిశలో గుర్తుల గురించి విడిగా ఆలోచించవలసిన పని లేదు. కోణం రెండో పాదంలో ఉంటే కొసైన్ తనంతట తానే రుణాత్మకమవుతుంది. మూడో పాదంలో సైన్, కొసైన్ రెండూ రుణాత్మకమవుతాయి. కోణం సరైనదైతే గుర్తులూ సరిగానే వస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే, అది క్యాలిక్యులేటర్‌ది. యంత్రం డిగ్రీలకు బదులు రేడియన్లలో పెట్టి ఉంటే 36.9ని అది 36.9 రేడియన్లుగా తీసుకుంటుంది. అప్పుడు విశాఖకు x = 192, y = -197 వస్తాయి. ఆ లెక్క ప్రకారం విశాఖపట్నం బంగాళాఖాతంలో తేలుతుంది. ఈ తప్పును దూరంతో సరిచూసి పట్టుకోలేం. 192, 197ల నుంచి మళ్లీ r కడితే 275 చక్కగా వస్తుంది, ఎందుకంటే కోణం ఎంతైనా సైన్, కొసైన్ వర్గాల మొత్తం 1కి మారదు. తప్పును పట్టించేది y ముందున్న రుణ గుర్తే. ఈశాన్యాన ఉన్న ఊరికి రుణ గుర్తు రాకూడదు.

ఇక వెనక్కి వెళ్లే దారి. x, y తెలుసు. R, θ కావాలి. దూరం పైథాగరస్ సిద్ధాంతంతో వచ్చేస్తుంది: r = √(x² + y²). విశాఖకు 220 వర్గం 48,400, 165 వర్గం 27,225, మొత్తం 75,625, దాని వర్గమూలం సరిగ్గా 275. కోణం కోసం పాఠ్యపుస్తకం ఇచ్చే సూత్రం tan θ = y/x. 165ను 220తో భాగిస్తే 0.75. క్యాలిక్యులేటర్‌లో దాని టాన్ విలోమం, అంటే tan⁻¹, నొక్కితే 36.9° వస్తుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మొదలయ్యేది మిగతా మూడు మూలల్లో.

హైదరాబాద్ మచిలీపట్నానికి సుమారు 280 కిలోమీటర్లు పడమరగా, 130 కిలోమీటర్లు ఉత్తరంగా ఉంది. అంటే x = -280, y = 130. దూరం 309 కిలోమీటర్లు. y/x విలువ -0.464. దీనికి క్యాలిక్యులేటర్ ఇచ్చే కోణం -24.9°. రుణ కోణం అంటే తూర్పు నుంచి సవ్యదిశలో, దక్షిణం వైపు తిరిగినది. ఆ దిశలో 309 కిలోమీటర్లు వెళితే చేరేది హైదరాబాద్ కాదు, నడిసముద్రం.

చెన్నైది ఇంకో రకం. అది సుమారు 90 కిలోమీటర్లు పడమరగా, 340 కిలోమీటర్లు దక్షిణంగా ఉంది. x, y రెండూ రుణాత్మకమే. -340ని -90తో భాగిస్తే 3.78 వస్తుంది, రుణ గుర్తులు రెండూ కొట్టుకుపోయాయి. క్యాలిక్యులేటర్ 75.2° అంటుంది. ఆ దిక్కుగా 352 కిలోమీటర్లు వెళితే ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ దాపులకు చేరతాం. చెన్నై వెళ్లవలసిన వారు బస్తర్ అడవుల్లో తేలతారు.

క్యాలిక్యులేటర్ లెక్క తప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్నలోనే లోపం ఉంది. y ని x తో భాగించగానే రెండు గుర్తులు కలిసి ఒక్క గుర్తుగా మారిపోతాయి. ఫలితం ధనాత్మకమైతే అసలు గుర్తులు రెండూ ధనమో, రెండూ రుణమో చెప్పలేం. అంటే బిందువు ఈశాన్యంలో ఉందో నైరుతిలో ఉందో తేలదు. ఫలితం రుణాత్మకమైతే వాయవ్యమో ఆగ్నేయమో తేలదు. రేఖాగణితం వైపు నుంచి చూస్తే y/x అనేది మూలబిందువు గుండా పోయే సరళరేఖ వాలు. ఆ రేఖ మూలబిందువుకు రెండు వైపులా సాగుతుంది. చెన్నై, జగదల్‌పూర్ ఇంచుమించు ఒకే రేఖ మీద, మచిలీపట్నానికి చెరో వైపున ఉన్నాయి. రేఖ ఏదో వాలు చెబుతుంది. దాని మీద ఎటు వైపో చెప్పదు. టాన్ విలువలు ప్రతి 180°కూ పునరావృతమవుతాయన్న మాటకు అర్థం ఇదే.

రెండు జవాబులున్నప్పుడు యంత్రం ఒకటే ఇవ్వాలి కాబట్టి గణితంలో ఒక ఒడంబడిక ఉంది. టాన్ విలోమం ఎప్పుడూ -90°కూ 90°కూ మధ్య ఉండే కోణాన్నే ఇస్తుంది. అంటే ఎప్పుడూ తూర్పు వైపు సగాన్నే చూస్తుంది. దీన్నిబట్టి దిద్దుబాటు ఎప్పుడు అవసరమో వెంటనే తెలుస్తుంది. x ధనాత్మకమైతే, అంటే బిందువు తూర్పు సగంలో ఉంటే, వచ్చిన కోణం సరైనదే. x రుణాత్మకమైతే బిందువు పడమర సగంలో ఉంది; వచ్చిన కోణానికి 180° కలపాలి. హైదరాబాద్‌కు -24.9 + 180 = 155.1°. ఉత్తరానికీ పడమరకూ మధ్య, వాయవ్యంలో, సరిపోయింది. చెన్నైకి 75.2 + 180 = 255.2°. పడమర దాటి, దక్షిణానికి కొంచెం ముందు, నైరుతిలో; ఇదీ సరిపోయింది. నిర్ణయించేది x గుర్తు మాత్రమే, y గుర్తు కాదు. పరీక్షల్లో చాలామంది రుణ కోణం కనబడగానే 180 కలిపేస్తారు. ఆగ్నేయంలో ఉన్న బిందువుకు రుణ కోణం సరైన జవాబే. కోణాన్ని 0 నుంచి 360 మధ్య చెప్పాలన్న నియమం ఉంటే దానికి కలపవలసింది 360, 180 కాదు. 360 కలిపితే దిక్కు మారదు, పేరు మాత్రమే మారుతుంది. 180 కలిపితే దిక్కే తిరగబడుతుంది.

దీనికి తోడు ఒక సంగతి కూడా చూడదగ్గది. హైదరాబాద్‌కు క్యాలిక్యులేటర్ ఇచ్చిన -24.9°ను అలాగే ఉంచి, దూరాన్ని -309గా రాస్తే ఆ జత కూడా హైదరాబాద్‌నే సూచిస్తుంది. రుణ దూరం అంటే చూస్తున్న దిక్కుకు వెనక్కి నడవడం. ఒక బిందువుకు లంబ నిరూపకాలు ఒకే జత. ధ్రువ నిరూపకాలు మాత్రం ఎన్ని జతలైనా ఉంటాయి. అందుకే జవాబు రాసేటప్పుడు r ధనాత్మకమనీ, కోణం ఫలానా హద్దుల మధ్య ఉంటుందనీ ముందే అనుకోవాలి. ఇద్దరి జవాబులు వేరుగా కనిపించినంత మాత్రాన ఒకరిది తప్పు కానక్కర్లేదు.

x సున్నా అయినప్పుడు భాగహారమే కుదరదు. అప్పుడు బిందువు నేరుగా ఉత్తరానో దక్షిణానో ఉంటుంది. y ధనాత్మకమైతే 90°, రుణాత్మకమైతే 270° లేదా -90°. రెండూ సున్నా అయితే అది మూలబిందువే. అక్కడ r సున్నా, కోణానికి అర్థం లేదు. మచిలీపట్నంలో నిలబడి మచిలీపట్నం ఏ దిక్కున ఉందని అడగలేం.

కంప్యూటర్ భాషలు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించాయి. పాత ఫోర్ట్రాన్ నుంచి నేటి పైథాన్ వరకు `atan2` అనే ప్రమేయం ఉంది. దీనికి భాగఫలాన్ని కాక y, x లను విడివిడిగా ఇస్తాం. రెండు గుర్తులూ దాని చేతిలో ఉంటాయి కాబట్టి అది సరైన పాదాన్నే ఎంచుకుంటుంది, x సున్నా అయినా తడబడదు.

```
import math
x, y = -280, 130
r = math.hypot(x, y)
theta = math.degrees(math.atan2(y, x))
```

ఇది దూరం 308.7, కోణం 155.1 ఇస్తుంది. చెన్నై విలువలు పెడితే -104.8 వస్తుంది, ఎందుకంటే `atan2` జవాబులు -180°కూ 180°కూ మధ్య ఉంటాయి. 360 కలిపితే మన 255.2 దొరుకుతుంది. వాడేటప్పుడు జాగ్రత్త ఒకటుంది. చాలా భాషల్లో ముందు y, తర్వాత x ఇవ్వాలి. ఎక్సెల్‌లో మాత్రం ముందు x, తర్వాత y. ఈ వరుస తారుమారైతే జవాబు ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, ఏ హెచ్చరికా కనబడదు. నేరుగా ఉత్తరాన ఉన్న బిందువును, అంటే x = 0, y = 1 ను, ఇచ్చి చూస్తే సంగతి తేలిపోతుంది. 90 రావాలి, 0 వస్తే వరుస తప్పినట్టే.

రాడార్ దగ్గరికి తిరిగి వస్తే మరో మెలిక ఎదురవుతుంది. రాడార్, ఓడ, విమానం, దిక్సూచి, ఇవన్నీ కోణాన్ని తూర్పు నుంచి కాక ఉత్తరం నుంచి, సవ్యదిశలో కొలుస్తాయి. ఉత్తరం 0°, తూర్పు 90°, దక్షిణం 180°, పడమర 270°. ఈ దిక్సూచి కోణాన్ని నేరుగా పాఠ్యపుస్తక సూత్రంలో పెడితే తూర్పూ ఉత్తరమూ ఒకదాని స్థానంలో మరొకటి వస్తాయి. దిక్సూచి కోణం A అయితే x = r sin A, y = r cos A అని సైన్, కొసైన్‌లను మార్చి రాయాలి. లేదా ముందు θ = 90 - A అని గణిత కోణంగా మార్చుకోవాలి.

ఇప్పుడొక తుపాను లెక్క. సంఖ్యలు ఊహించినవి, పద్ధతి అసలుది. రాడార్ తెర మీద తుపాను కేంద్రం మొదట 300 కిలోమీటర్ల దూరంలో 150° దిక్సూచి కోణంలో కనిపించింది. ఆరు గంటల తర్వాత 200 కిలోమీటర్ల దూరంలో, 143° కోణంలో ఉంది. తుపాను ఎటు, ఎంత వేగంతో కదులుతోంది? దూరంలోంచి దూరం, కోణంలోంచి కోణం తీసేస్తే 100 కిలోమీటర్లు, 7° అని రెండు సంఖ్యలు వస్తాయి గానీ అవి కదలిక దిశను చెప్పవు. తీసివేత లంబ నిరూపకాల్లోనే చేయాలి.

మొదటి స్థానం: x = 300 sin 150° = 150, y = 300 cos 150° = -259.8. రెండో స్థానం: x = 200 sin 143° = 120.4, y = 200 cos 143° = -159.7. రెండు చోట్లా x ధనం, y రుణం; కేంద్రం ఆగ్నేయంలో, సముద్రం మీదే ఉంది. తేడా తీస్తే x లో -29.6, y లో 100.1. అంటే తుపాను 30 కిలోమీటర్లు పడమరకూ, 100 కిలోమీటర్లు ఉత్తరానికీ జరిగింది. కదలిన దూరం √(29.6² + 100.1²), సుమారు 104 కిలోమీటర్లు, గంటకు 17 కిలోమీటర్ల పైచిలుకు.

దిశ కోసం 100.1ని -29.6తో భాగిస్తే -3.38. టాన్ విలోమం -73.5°. ఇక్కడ ఆగిపోయి దీన్ని దిక్సూచి కోణంగా మారిస్తే 90 - (-73.5) = 163.5°, దక్షిణ ఆగ్నేయం. అంటే తుపాను తీరానికి దూరంగా వెళ్లిపోతోందని అర్థం వస్తుంది. కానీ x లో మార్పు రుణాత్మకం, కాబట్టి 180 కలపాలి: 106.5°. దిక్సూచిలో 90 - 106.5 = -16.5, 360 కలిపితే 343.5°, ఉత్తర వాయవ్యం. తుపాను తీరం వైపే వస్తోంది. పాదం ఎంచుకోవడంలో జరిగే పొరపాటు ఎప్పుడూ చిన్నది కాదు. అది కోణాన్ని ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ చేయదు, సరిగ్గా 180° తిప్పేస్తుంది. దూరం 300 నుంచి 200కి తగ్గిందన్న ఒక్క సంగతి గుర్తుంచుకున్నా ఈ తప్పు బయటపడుతుంది. వెళ్లిపోతున్న తుపాను దగ్గరవదు.

జవాబును సరిచూసుకునే మార్గం కూడా ఇక్కడే ఉంది. వచ్చిన r, θ లను మళ్లీ ముందుకు నడిపించి x, y కట్టాలి. 104.4 cos 106.5° = -29.7, 104.4 sin 106.5° = 100.1. గుర్తులతో సహా దాదాపు మొదటి సంఖ్యలే తిరిగి వచ్చాయి. -73.5° పెట్టి ఉంటే 29.7, -100.1 వచ్చేవి, అంకెలు అవే, గుర్తులు రెండూ తారుమారు. ఈ ఆనవాలు కనబడితే కారణం పాదమేనని వెంటనే చెప్పవచ్చు. గుర్తులు కాక x, y విలువలే ఒకదాని చోట మరొకటి కనిపిస్తే తూర్పు లెక్కకూ ఉత్తరం లెక్కకూ మధ్య గందరగోళం జరిగినట్టు.

ఈ సూత్రాలన్నీ సమతలానికి చెందినవి. మూడు నాలుగు వందల కిలోమీటర్ల పరిధిలో భూమిని సమతలంగా భావించి వేసిన అంచనా పటం గీయడానికి పనికొస్తుంది. అంతకు మించిన దూరాలకు గోళ త్రికోణమితి కావాలి.

పాదం సరిగా ఎంచుకున్నా కోణాల విషయంలో ఒక అతుకు మిగిలే ఉంటుంది. దిక్సూచి కోణం 359 దాటగానే మళ్లీ 0 నుంచి మొదలవుతుంది. `atan2` ఇచ్చే కోణం పడమర దిక్కున 180 నుంచి -180కి దూకుతుంది. గాలి దిశను ఒకసారి 358°, మరోసారి 4° అని కొలిచారనుకుందాం. రెండూ దాదాపు ఉత్తరమే. వాటి సగటు మామూలుగా తీస్తే 181°, అంటే దక్షిణం. దీనికి మందు కూడా లంబ నిరూపకాలే. ఒక్కో దిశను పొడవు 1 ఉన్న గీతగా భావించి x, y లు కట్టాలి: మొదటిదానికి -0.035, 0.999, రెండోదానికి 0.070, 0.998. వీటి సగటు x 0.0175, y 0.9985. ఈ జతను తిరిగి కోణంగా మారిస్తే, గణిత కోణం 89°, దిక్సూచి కోణం 1° వస్తాయి.